మామ్మ చేతి చెట్టు

ఏప్రిల్ 19, ఆదివారం సాయంత్రం నా ఎడమ చేతి ఫోటో ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. ముంజేతి లోపలి వైపు చిన్న చెట్టు, చుట్టూ ఐదు చుక్కలు. ఫోటో కింద ఆరు వాక్యాలు. చెట్టు పొడిపించుకోవడం నలభై నిమిషాల్లో అయిపోయింది. ఆ ఆరు వాక్యాలు కుదరడానికి తొమ్మిది వారాలు పట్టింది, మధ్యలో ఇంట్లోవాళ్ళతో ఒక పెద్ద గొడవ కూడా అయింది. టాటూ ఎలా వేస్తారో, నొప్పి ఎంతుంటుందో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వేయించుకున్నాక దాని గురించి నలుగురికీ ఏమని చెప్పాలో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా మామ్మ కిందటి కార్తీక మాసంలో పోయింది. ఎనభై నాలుగేళ్ళు. ఎడమ ముంజేతి మీద ఆమెకు పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు ఆ చేతి మీద తల పెట్టుకుని పడుకునేదాన్ని కాబట్టి ఆ బొమ్మ నాకు బాగా తెలుసనుకున్నాను. తీరా కాగితం మీద గీద్దామని కూర్చుంటే చెయ్యి సాగలేదు. కొమ్మలు ఎన్ని? చుక్కలు నాలుగా, ఐదా? మామ్మ ఫోటోలు దించనిచ్చేది కాదు. ఆ చెయ్యి కనిపించే ఫోటో వెతికితే ఒక్కటే దొరికింది, అదీ మా పెదనాన్న కూతురి ఫోన్‌లో. మామ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎంత పెద్దది చేసి చూసినా ముడతల్లో మూడు చుక్కలే కనబడుతున్నాయి, కొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

అసలు బొమ్మ ఇంకెక్కడైనా ఉంటే మామ్మ చెల్లెలి చేతి మీదే ఉండాలి. జనవరి 18, ఆదివారం పొద్దున్నే విశాఖ ద్వారకా బస్ స్టేషన్‌లో విజయనగరం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో నెల్లిమర్ల వైపు వాళ్ళ ఊరు వెళ్ళాను. చిన్న మామ్మ పెరట్లో ఎండకి కూర్చుని ఉంది. సంగతి చెప్పగానే ఏమీ అడగకుండా చెయ్యి చాపి నా ఒళ్ళో పెట్టేసింది.

ట్రేసింగ్ పేపరు, జెల్ పెన్ను తీసుకెళ్ళాను. కాగితం పెట్టి గీయడం మొదలుపెడితే చర్మం పెన్నుతో పాటే జరిగిపోతోంది. రెండు కాగితాలు పాడయ్యాయి. అప్పుడు చిన్న మామ్మే కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ ముంజేతి మీద ఆనించి చర్మాన్ని లాగి పట్టుకుంది. ముడతలు విడిపోయి, వాటి లోపల నుంచి బొమ్మ బయటపడింది. నిలువుగా కాండం, అటు రెండు ఇటు రెండు కొమ్మలు, ఒక్కో కొమ్మ కింద ఒక్కో చుక్క. ఐదో చుక్క అడుగున, వేరు దగ్గర. మా మామ్మ చేతి మీద నేను ఎప్పుడూ చూడని చుక్క అది. వాచీ పెట్టుకునే చోటు దగ్గరగా ఉండి గాజుల కింద దాగిపోయేదనుకుంటాను.

"దీనికి అర్థమేంటి చిన్న మామ్మా?" అని అడిగాను. తులసి చెట్టనో, ఏదైనా అమ్మవారి గుర్తనో చెప్తుందని నా మనసులో ఉంది.

"అర్థమేటే? అర్థం నేదు, ఏటీ నేదు," అంది. "పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఎల్లినాం. బొట్లు పొడిసే ఆవిడ దగ్గర ఉన్న బొమ్మల్లో ఇది చవక. మా యమ్మ ఇద్దరికీ ఒకటే పొడిపించింది. జనంలో తప్పిపోతే సెయ్యి సూపించండి, జోడు దొరుకుతాది అంది."

తిరుగు బస్సులో ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టుకుని కూర్చున్నాను. విజయదశమి తర్వాత మంగళవారం విజయనగరంలో సిరిమాను తిరిగేటప్పుడు ఆ జనంలో ఎలా ఉంటుందో నాకు తెలుసు, పెద్దవాళ్ళమే చెయ్యి వదిలితే మళ్ళీ దొరకం. ఆ గుంపులో ఎనిమిదేళ్ళ పిల్ల, ఆరేళ్ళ పిల్ల. నేను వెతుక్కున్న పెద్ద అర్థాలన్నీ పక్కకు పోయాయి.

ఫిబ్రవరి 1న ద్వారకానగర్‌లో ఒక మేడ మీద ఉన్న స్టూడియోకి వెళ్ళి మాట్లాడుకున్నాను. బొమ్మ ఎంత చిన్నదైనా కనీస ధర 2,000 రూపాయలన్నారు, నాది 2,500కి కుదిరింది, అడ్వాన్సు 500. టాటూ వేసే అబ్బాయి నా కాగితాన్ని చాలాసేపు చూశాడు. "అక్కా, కొమ్మలు ఇంత దగ్గరగా గీస్తే పదేళ్ళలో కలిసిపోతాయి. మీ చిన్న మామ్మగారి చేతి మీద కూడా అలాగే కలిశాయి చూడండి," అని గీతల మధ్య కాస్త ఎడం ఉండేలా మళ్ళీ గీసిచ్చాడు. బొమ్మ ఒకటిన్నర అంగుళాల నుంచి రెండు అంగుళాలైంది. నేను ఆకుపచ్చ రంగు అడిగాను, పచ్చబొట్టు కదా అని. వద్దన్నాడు. పాతకాలపు పచ్చబొట్లు కూడా మసితో, అంటే నల్ల రంగుతోనే పొడిచేవారట. నలుపు చర్మం లోపల ఉండిపోవడం వల్ల పైనుంచి చూస్తే నీలంగా, పచ్చగా కనబడుతుంది. "నల్లదే వేస్తాను, పచ్చదనం దానంతట అదే వస్తుంది," అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఇంకో విషయం కూడా ఆ రోజే తేలాలన్నాడు. చెట్టు ఎవరి వైపు తిన్నగా ఉండాలి, నా వైపా, ఎదుటివాళ్ళ వైపా? నేను ఆలోచించనే లేదు. మామ్మ ఫోటో తీసి చూశాం. చిక్కుడుకాయలు పట్టుకున్న ఆ చేతి మీద చెట్టు మామ్మకి తలకిందులుగా, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి తిన్నగా ఉంది. పొడిచే ఆవిడ ఎదురుగా కూర్చుని తన వైపు నుంచి పొడిచి ఉంటుంది. నాకూ అలాగే కావాలన్నాను. రోజూ నా చేతిని నేను చూసుకుంటే తలకిందుల చెట్టే కనబడుతుంది. ఎవరైనా ఎదురుగా కూర్చుంటే వాళ్ళకు మాత్రం సరిగ్గా కనబడుతుంది. ఫోటో కింద ఏం రాయాలన్న ఆలోచన నాలో మొదలైంది అప్పుడే అనిపిస్తుంది, ఎందుకంటే ఎదుటివాళ్ళు చూసి అడగడానికి వీలుగానే ఆ బొమ్మ ఉంది.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం పన్నెండింటికి రమ్మన్నారు, ఒంటిగంటా పదికి కుర్చీలో కూర్చున్నాను. ఫారం నింపించుకున్నారు, ఆధార్ చూశారు. షుగర్, ఎలర్జీలు, రక్తం పలచబడే మందులు, గాయం మానితే మచ్చ ఉబ్బే అలవాటు ఇవన్నీ అడిగారు. సూది ప్యాకెట్టు నా ముందే చింపారు. స్టెన్సిల్ అంటించినప్పుడు మొదటిసారి చెట్టు వంకరగా వచ్చింది. బల్ల మీద అరచెయ్యి పైకి తిప్పి పెట్టినప్పుడు తిన్నగా ఉన్నది, చెయ్యి కిందికి వదిలేసరికి మెలి తిరిగిపోయింది. తుడిచేసి, నన్ను నిలబెట్టి, చెయ్యి వదులుగా వేలాడదీయించి మళ్ళీ అంటించారు. మీరెవరైనా ముంజేతికి వేయించుకుంటే నిలబడే అంటించమనండి.

నొప్పి గురించి ఎక్కువ చెప్పను. గీతలు వేడి పిన్నుతో గీరినట్టున్నాయి, చుక్కలు మాత్రం ఒక్కొక్కటీ నిజంగా పొడిచినట్టున్నాయి. ఐదో చుక్క మణికట్టు దగ్గర, చర్మం పలచగా ఉన్నచోట. అది పెట్టేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. అయిపోయాక పైన పారదర్శకమైన ఫిల్మ్ అంటించి మూడు రోజులు ఉంచమన్నారు. మన విశాఖ చెమటకి రెండో రోజే అంచు లేచింది. లోపల నల్లటి నీరు చేరి చూడ్డానికి భయం వేసింది కానీ అది మామూలేనట, కారిపోయిన సిరా, రసి. అంచు లేచాక ఉంచకూడదని ఫోన్‌లో చెప్పారు. గోరువెచ్చటి నీళ్ళ కింద తీసేశాను.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను.

వేయించుకున్న రోజు సాయంత్రమే, చెయ్యి ఇంకా ఎర్రగా ఉండగానే, ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మామ్మ మీద ప్రేమ ఉప్పొంగుతోంది. బస్సులో, మంచం మీద, వారాల తరబడి అనుకున్న మాటలన్నీ ఒకేసారి రాసేశాను. ఇదిగో, ఒక్క అక్షరం మార్చకుండా:

"మన సంప్రదాయంలో పచ్చబొట్టుకి ఎంతో గొప్ప స్థానం ఉంది. ఈ రోజుల్లో అందరూ అర్థం తెలియని ఫారిన్ డిజైన్లు వేయించుకుంటున్నారు. మన మూలాలు మర్చిపోకూడదని మామ్మ పచ్చబొట్టు నేను వేయించుకున్నాను. దయచేసి ఎవరూ తప్పుగా అనుకోకండి. ఎలా ఉంది?"

గంటలో నాలుగు తగాదాలు మొదలయ్యాయి. ఒక బాబాయి ఇది మన సంప్రదాయం కాదు, మన వాళ్ళలో అందరికీ ఉండేది కాదు అన్నారు, దాని మీద కులం మాటలు వచ్చాయి. ఒక అత్త పెళ్ళి కావాల్సిన పిల్ల అని మొదలుపెట్టింది. ఇంకొకరు సూదుల వల్ల వచ్చే జబ్బుల వీడియో పంపారు. మా చిన్న బాబాయి కూతురు, గాజువాకలో ఉంటుంది, ఏమీ రాయకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయింది. దాని భుజం మీద జపాన్ పద్ధతిలో వేసిన కెరటం ఉంది. రాసేటప్పుడు నాకు అది గుర్తే లేదు.

ఆ రాత్రి అన్ని మెసేజ్‌లూ మళ్ళీ చదివాను. మామ్మ గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. చిన్న మామ్మ చెయ్యి, సిరిమాను పండగ, తప్పిపోయే పిల్లలు, ఇవేవీ నేను చెప్పనే లేదు, వాళ్ళకి ఎలా తెలుస్తాయి? ఫోటో తీసేశాను. అమ్మ గది బయటే నిలబడి, "మందు రాసుకున్నావా?" అని అడిగి వెళ్ళిపోయింది. చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు చెల్లికి ఫోన్ చేసి క్షమించమన్నాను. అది కోపంగా లేదు, బాధగా ఉంది. "అక్కా, నువ్వు 'మన' అని రాశావు కదా. అందులో నేను లేనా?" అంది. తర్వాత తన కెరటం గురించి చెప్పింది. నీళ్ళంటే చచ్చేంత భయం ఉండి, ఇరవై రెండేళ్ళ వయసులో ఈత నేర్చుకుందట. నేర్చుకున్న నెలకి వేయించుకుంది. వేయించుకుని రెండేళ్ళయినా ఇంట్లో ఒక్కరూ అదేమిటని అడగలేదు. నేను కూడా అడగలేదు.

ఆ 'మన' దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. 'మన' అనగానే వినేవాళ్ళందరూ అందులో వాటాదారులైపోతారు. వాటా ఉన్నవాళ్ళకి కాదనే హక్కు ఉంటుంది, బాబాయి చేసింది అదే. అదే 'మా మామ్మ చేతి మీద' అంటే అది ఒక్క చెయ్యి. ఆ చేతి మీద ఏముందో చెప్తుంటే కాదనడానికి ఎవరికీ ఏమీ ఉండదు. "తప్పుగా అనుకోకండి" అన్న వాక్యం ఇంకా చెడ్డది. తప్పుగా అనుకోవడానికి ఏదో ఉందని నేనే చూపించినట్టైంది. ఇక "ఎలా ఉంది?" అంటే మార్కులు వెయ్యమని అడగడమే. వేశారు.

మొదటి వారం అలా గడిచింది. ఆరో రోజు పొట్టు లేవడం మొదలైంది, దురద భరించలేనంత ఉండేది. గోకకుండా పైనుంచి అరచేత్తో తట్టుకునేదాన్ని. మార్చి మొదట్లో ఆఫీసువాళ్ళంతా రుషికొండ బీచ్‌కి వెళ్తే నేను ఇసుకలోనే చెప్పులతో కూర్చున్నాను, నెల రోజులు సముద్రపు నీరు తగలకూడదన్నారు. అదే నెలలో ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు. ఏటా ఇచ్చేదాన్ని. టాటూ వేయించుకుని ఏడాది కాలేదు కాబట్టి ఈసారి వద్దన్నారు. ఇది ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించింది.

పొట్టంతా రాలాక చూస్తే ఐదో చుక్క లేదు. ఉన్నచోట బూడిద రంగు నీడ లాంటిది మిగిలింది, అంతే. మణికట్టు దగ్గర వంగే చోట కావడం, నిద్రలో అక్కడి పక్కు ముందే ఊడిపోవడం వల్ల సిరా కూడా దానితో వచ్చేసింది. ఇలాంటివి మామూలేనట, చర్మం పూర్తిగా మానేదాకా, అంటే ఐదారు వారాలు ఆగి మళ్ళీ పెడతారు. దానికి డబ్బు తీసుకోరు. నాకు మాత్రం చాలా దిగులేసింది, ఎందుకంటే మామ్మ చేతి మీద నేను చూడకుండా పోయిన చుక్క కూడా అదే.

ఆ మధ్యలో రెండో క్యాప్షన్ రాశాను. మొదటిసారి మాటలు ఎక్కువై దెబ్బతిన్నాను కదా, ఈసారి పూర్తిగా మూసేద్దామనుకున్నాను. వాట్సాప్ స్టేటస్‌లో నాలుగు చుక్కల చెట్టు పెట్టి, "కొన్ని గుర్తులకు మాటలు ఉండవు" అని రాశాను. పద్నాలుగు మంది జవాబిచ్చారు. ఎవరి గుర్తు? ఎవరి పేరు దాచావు అందులో? బ్రేకప్పా? ఏమైంది, బాగానే ఉన్నావా? మా పాత మేనేజర్ గారైతే ఓదారుస్తూ పెద్ద మెసేజ్ పెట్టారు. ఎవరినీ తప్పు పట్టలేను. చూపిస్తూ దాస్తే ఎవరైనా ఊహించుకుంటారు, ఊహలకి జవాబు చెప్పుకోవడం అసలు విషయం చెప్పడం కంటే కష్టం. పద్నాలుగు మందికీ విడివిడిగా రాశాను.

కానీ ఆ పద్నాలుగు జవాబులు రాయడమే నాకు మేలు చేసింది. ఒక్కొక్కరికీ చెప్తూ చెప్తూ ఉంటే మాట చిన్నదవుతూ వచ్చింది. మొదటామెకు పేజీడు రాశాను. పదో మనిషికి వచ్చేసరికి, "మా మామ్మకి ఉండేది అండి, వాళ్ళ చెల్లికీ ఇదే, జాతరలో తప్పిపోకుండా పొడిపించారట" అని రాశాను. వెంటనే ఆమె, "మా అమ్మమ్మకి తేలు ఉండేది!" అని రాసి, తేలు తోక ఎటు తిరిగి ఉండేదో కూడా చెప్పింది. వాదన లేదు, జాలి లేదు. ఆ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను.

మార్చి 29న టచప్. పది నిమిషాలు. ఈసారి వారం రోజులు ఆ చేతికి వాచీ గానీ గాజు గానీ పెట్టలేదు, రాత్రిళ్ళు మెత్తటి గుడ్డ వదులుగా చుట్టుకుని పడుకున్నాను. చుక్క నిలిచింది. ఫోటో మాత్రం ఇంకో మూడు వారాలు ఆగి తీయాలనుకున్నాను. తాజాగా ఉన్నప్పుడు చర్మం ఎర్రగా, ఉబ్బి ఉంటుంది, చూసినవాళ్ళ కళ్ళు బొమ్మ మీదకు పోవు, గాయం మీదకు పోతాయి. "అయ్యో నొప్పి", "ఇన్‌ఫెక్షన్ జాగ్రత్త" అనే మాటలు ఫోటోలోంచే పుడతాయి. గ్రూపులో జబ్బుల వీడియో వచ్చింది అందుకే.

ఏప్రిల్ 19 పొద్దున్న ఏడింటికి బాల్కనీలో ఫోటో తీశాం. ముందు నేనే సెల్ఫీ కెమెరాతో తీసుకుంటే ఏదో తేడా కనబడింది, ఏమిటో అంతు పట్టలేదు. చిన్న మామ్మ దగ్గర గీసిన కాగితం పక్కన పెట్టి చూస్తే తెలిసింది. పైకి లేచే కొమ్మ ఎడమవైపు ఉండాలి, సెల్ఫీలో కుడివైపుకు మారింది. నా ఫోన్ ముందు కెమెరా బొమ్మని అద్దంలో లాగా తిప్పేస్తుంది. అమ్మని వెనక కెమెరాతో తీయమన్నాను. ఫ్లాష్ వేస్తే చర్మం మెరిసి బొమ్మ చెదిరిపోయింది, ఫ్లాష్ లేకుండా, ఎండ నేరుగా పడని వెలుతురులో బాగా వచ్చింది. చేతిలో ఏదైనా ఉంటే బాగుంటుందని అమ్మే అంది. చిక్కుడుకాయల కాలం అయిపోయింది, వంటింట్లో గోరుచిక్కుళ్ళు ఉన్నాయి. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. అమ్మ ఫోటో తీసి, ఫోన్ చేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే చూసింది. "మీ మామ్మలాగే కూర్చున్నావే," అంది. ఈ విషయం మీద రెండు నెలల్లో అమ్మ అన్న మొదటి మాట అది.

సాయంత్రం చెల్లి వచ్చింది. ఇద్దరం మంచం మీద కూర్చుని రాశాం. చివరికి నిలిచింది ఇది:

"మా మామ్మ ఎడమ చేతి మీద ఉండేది ఈ చెట్టు. వాళ్ళ చెల్లి చేతి మీదా ఇదే ఉంది. చిన్నప్పుడు జాతరలో తప్పిపోతే చెయ్యి చూపిస్తే జోడు దొరుకుతుందని ఇద్దరికీ ఒకటే పొడిపించారట. ఇప్పుడు నా చేతి మీద మూడోది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతి మీద ఏముండేది? గుర్తుంటే చెప్పండి, వినాలనుంది."

ఇందులో ప్రతి మాట దగ్గరా ఆగాం. ఫోన్‌లో మొదటి రెండు లైన్లే కనిపించి మిగతాది ముడుచుకుంటుంది కాబట్టి ఎవరిది, ఏమిటి అన్నది మొదటి వాక్యంలోనే రావాలని చెల్లి పట్టుబట్టింది. 'ఉండేది' అన్నాక మామ్మ ఇప్పుడు లేదని అర్థమైపోతుంది, పోయింది అని వేరే రాయక్కర్లేదు. రాసి ఉంటే కింద అంతా సానుభూతి మాటలే ఉండేవి. 'పొడిపించారట'లో ఉన్న ఆ చివరి 'ట' నాకు ఎంత ఆసరా అయిందో చెప్పలేను. నేను చూడలేదు, విన్నాను, విన్నది చెప్తున్నాను, అంతే. దానికి రుజువు చూపమని ఎవరూ అడగరు.

ఇంకోటి, రాసేశాక గమనించాం. ఆ ఆరు వాక్యాల్లో 'టాటూ' అన్న మాట లేదు, 'పచ్చబొట్టు' అన్న మాటా లేదు. టాటూ అంటే పెద్దవాళ్ళకి ఫ్యాషన్ అని వినబడుతుంది, పచ్చబొట్టు అంటే నా వయసువాళ్ళకి ఇదేదో సంప్రదాయం పాఠం అనిపిస్తుంది. చెట్టు అంటే చెట్టే. చివరి ప్రశ్న చెల్లిది. "అభిప్రాయం అడక్కు అక్కా, జ్ఞాపకం అడుగు," అంది. నేను పక్కనే ఇంకో వాక్యం, "ఏమైనా తెలుసుకోవాలంటే అడగండి," అని పెట్టబోతే వద్దంది. అడగాలనుకున్నవాళ్ళు ఎలాగూ అడుగుతారు, ముందు వాళ్ళని చెప్పనిద్దాం అంది.

రాత్రి పదింటికి ఇరవైకి పైగా కామెంట్లు వచ్చాయి. తేళ్ళు, చుక్కలు, గడ్డం మీద ఒంటి చుక్క. ఒకామె వాళ్ళ నాయనమ్మ మొగుడి పేరు నోటితో పలికేది కాదట, పేరడిగితే చెయ్యి తిప్పి పచ్చబొట్టు చూపించేదట. ఇది చదివి ఇద్దరం గట్టిగా అరిచేశాం. ఒకాయన మాత్రం, ఇవి ఫలానా వాళ్ళే పొడిపించుకునేవారు, మీరు ఎవరు అని రాశారు. చేతులు చల్లబడ్డాయి. మళ్ళీ ఫిబ్రవరి గొడవ మొదలవుతుందనుకున్నాను. చెల్లి ఫోన్ తీసుకుని ఇలా టైప్ చేసింది: "మా ఇంట్లో ఈ ఇద్దరు అక్కచెల్లెళ్ళకి ఉండేదండి, అంతవరకే నాకు తెలుసు. మీ ఇంట్లో ఎవరికైనా ఉండేదా?" పంపించాం. పావుగంట తర్వాత ఆయన వాళ్ళ అమ్మ చేతి మీద రెండు చిలకలు ఉండేవని రాశారు. ఇంకొకరు ఇలాంటివి మతానికి విరుద్ధం అని ఒక వాక్యం పెట్టారు. దానికి జవాబివ్వలేదు, తీసెయ్యనూ లేదు. కింద ఎవరూ అందుకోలేదు.

బయట కూడా అదే మాట పనికొస్తోంది. మొన్న సింహాచలం వెళ్ళే బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, బొటనవేలితో చెట్టు మీద రుద్ది, ఇది పోతుందా అమ్మా అని అడిగింది. పోదండి, మా మామ్మకి ఉండేది అన్నాను. ఆవిడ తన చీర కొంగు కింద నుంచి చెయ్యి తీసి చూపించింది. మూడు చుక్కలు. హనుమంతవాక వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

మొత్తం ఖర్చు అడుగుతారేమో, టాటూకి 2,500, రాసుకునే మందుకి, సబ్బుకి 350 దాకా, ఊరు వెళ్ళి రావడానికి 400 లోపు.

ఏప్రిల్ 20 సోమవారం పొద్దున్న చిన్న మామ్మకి ఫోన్ చేసి, ఫోటో కింద రాసింది మొత్తం చదివి వినిపించాను. ఆవిడ ఏమంటుందోనని ఎవరి కామెంట్‌కీ పడనంత టెన్షన్ పడ్డాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు.

"తప్పిపోతే అని రాసినావేటి?" అంది. "తప్పిపోయింది కదే. బొట్టు పొడిపించిన రోజే తప్పిపోయింది మీ మామ్మ. నాకు ఆరేళ్ళు. ఏడుస్తా, కనపడ్డోళ్ళందరికీ నా సెయ్యి సూపిస్తా తిరిగినాను. కోట కాడ మిఠాయి కొట్టు ఆయన సూసి, ఇలాంటి సెయ్యే ఇంకోటి ఇక్కడ కూకుందమ్మా అన్నాడు. అది కూడా రాయి."

ఆఫీసుకి వెళ్ళే దారిలో, బస్సులో నిలబడే, మూడో వాక్యం కింద ఇంకొకటి కలిపాను: "ఆ రోజే మా మామ్మ తప్పిపోయిందట, చెయ్యి చూసే దొరికిందట."